బాణాలు ఎక్కడ వాలతాయి? గ్రాఫ్ కాగితం మీద మాత్రికల గుణకారం

ఇంటర్‌లో మ్యాథ్స్ చదివిన ఎవరినైనా రెండు మాత్రికలను గుణించమని అడగండి. మొదటిదాని అడ్డువరుసను రెండోదాని నిలువువరుసతో జతజతగా గుణించి, కూడి, తప్పు లేకుండా జవాబు రాసేస్తారు. అలాగే ఎందుకు గుణించాలి, ఒకే స్థానంలో ఉన్న అంకెలను నేరుగా గుణించేస్తే ఏం పోతుంది అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. పరీక్షలో ఆ ప్రశ్న రాదు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవడానికి కూర్చున్నవాళ్లకు మాత్రం అది అడుగడుగునా అడ్డు తగులుతుంది. న్యూరల్ నెట్‌వర్క్ చేసే లెక్కలో సింహభాగం మాత్రికల గుణకారమే మరి.

జవాబు 1858 నుంచీ ఉంది. ఆ ఏడాది ఇంగ్లండ్ గణితవేత్త ఆర్థర్ కేలీ మాత్రికల సిద్ధాంతం మీద ఒక పత్రం ప్రచురించారు. అందులో మాత్రిక ఉత్త అంకెల పట్టిక కాదు, పాత x, y విలువల నుంచి కొత్త x, y విలువలను తయారుచేసే పద్ధతి. ఒక పద్ధతిని అమలుచేసి, వచ్చిన ఫలితం మీద ఇంకో పద్ధతిని అమలుచేశామనుకోండి. ఆ రెండు పనులనూ ఒక్కసారిగా చేసిపెట్టే మూడో పద్ధతి ఒకటి ఉండాలి. ఆ మూడోదే మొదటి రెండింటి లబ్ధం. అడ్డువరుస, నిలువువరుస నియమం ఎవరో విధించినది కాదు, ఈ ఆలోచన నుంచి దానంతట అదే వచ్చింది.

అది ఎలా వచ్చిందో బొమ్మ గీసి చూస్తే ఇక మరిచిపోవడం కష్టం. ఒక గ్రాఫ్ కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని చదవండి. చివర్లో ఇదే బొమ్మతో, ఒకే పొర ఉన్న నెట్‌వర్క్‌కు లొంగని ఒక చిన్న సమస్యను చేత్తోనే సాధిద్దాం.

వెక్టర్: రెండు ఆదేశాలు

(3, 2) అనే వెక్టర్‌ను మూలబిందువు నుంచి బయల్దేరే బాణంగా గీయండి. కుడివైపు మూడు గళ్లు, పైకి రెండు గళ్లు. ఇక్కడ రెండు ప్రాథమిక బాణాలున్నాయి. ఒకటి కుడివైపు ఒక గడి పొడవున్నది, (1, 0). రెండోది పైకి ఒక గడి పొడవున్నది, (0, 1). వీటిని కుడిబాణం, పైబాణం అనుకుందాం. అప్పుడు (3, 2) అంటే "కుడిబాణాన్ని మూడుసార్లు, పైబాణాన్ని రెండుసార్లు వెయ్యి" అని చెప్పడమే. తరవాత వచ్చేదంతా ఈ వాక్యం మీదే నిలబడుతుంది.

మెషీన్ లెర్నింగ్‌లో ప్రతి ఉదాహరణా ఇలాంటి వెక్టరే. ఒక ఇంటిని విస్తీర్ణం, గదుల సంఖ్య అనే రెండు అంకెలతో వర్ణిస్తే ఆ ఇల్లు కాగితం మీద ఒక చుక్క. చేతిరాత అంకెల ప్రసిద్ధ సేకరణ ఎమ్‌నిస్ట్‌లో ఒక్కో బొమ్మకు అడ్డంగా 28, నిలువుగా 28 పిక్సెళ్లు ఉంటాయి. అంటే ఒక్కో బొమ్మ 784 అంకెల వెక్టర్. దాన్ని గీయలేం. అయినా రెండు అంకెల దగ్గర నేర్చుకున్న వాక్యం అక్కడా చెల్లుతుంది. రెండు ప్రాథమిక బాణాల బదులు 784 ఉంటాయి, అంతే.

మాత్రిక: బాణాలు వాలిన చోట్లు

ఇప్పుడు కాగితం మొత్తాన్ని మూలబిందువు చుట్టూ ఎడమవైపుకు పావు చుట్టు తిప్పామనుకోండి. కుడిబాణం పైకి తిరిగి (0, 1) దగ్గర వాలుతుంది. పైబాణం ఎడమకు తిరిగి (-1, 0) దగ్గర వాలుతుంది. ఈ రెండు చోట్లను రెండు నిలువువరుసలుగా పక్కపక్కన రాయండి.

```
R =  0  -1
     1   0
```

మాత్రిక అంటే ఇదే. మొదటి నిలువువరుస కుడిబాణం ఎక్కడ వాలిందో చెబుతుంది, రెండోది పైబాణం ఎక్కడ వాలిందో చెబుతుంది. మిగతా చుక్కలు ఎటు వెళ్లాయో విడిగా రాసుకోనక్కర్లేదు. (3, 2) అంటే కుడిబాణం మూడుసార్లు, పైబాణం రెండుసార్లు అని కదా. తిప్పిన తరవాత కూడా ఆ లెక్క మారదు, బాణాలు మాత్రమే కొత్తవి. కొత్త కుడిబాణం మూడుసార్లు వేస్తే (0, 3). కొత్త పైబాణం రెండుసార్లు వేస్తే (-2, 0). రెండూ కలిపితే (-2, 3). గ్రాఫ్ కాగితాన్ని నిజంగానే తిప్పి చూసుకోండి, (3, 2) చుక్క అక్కడికే వస్తుంది.

ఇప్పుడు బడిలో నేర్పిన నియమంతో చేయండి. పై అడ్డువరుస 0, -1 ని 3, 2 తో జతచేస్తే 0 - 2 = -2. కింది అడ్డువరుస 1, 0 ని జతచేస్తే 3 + 0 = 3. అదే జవాబు. కొత్త బాణాలను ఎన్నిసార్లు వెయ్యాలో అన్నిసార్లు వేసి కూడిన లెక్కనే ఆ నియమం ఒక్కో వరుసగా విడదీసి రాస్తుంది.

ఈ దృష్టితో చూస్తే మాత్రికను లెక్క చేయకుండానే చదవొచ్చు. నిలువువరుసలు (1, 0), (0, 1) అయితే బాణాలు ఉన్నచోటే ఉన్నాయి, ఏమీ మారలేదు. ఇదే తత్సమ మాత్రిక. (2, 0), (0, 1) అయితే కాగితం అడ్డంగా రెండింతలు సాగింది. (1, 0), (1, 1) అయితే కుడిబాణం కదలలేదు, పైబాణం మాత్రం కుడికి ఒరిగింది. చతురస్రపు గళ్లన్నీ పక్కకు వాలిన గళ్లయిపోతాయి.

(1, 2), (2, 4) అనే నిలువువరుసల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. రెండు బాణాలూ ఒకే గీత మీద వాలాయి. వాటిని ఎన్నిసార్లు, ఎలా కలిపినా ఆ గీత దాటి బయటికి రాలేరు. అంటే కాగితం మొత్తం ఒక్క గీతగా నలిగిపోయింది. వేర్వేరు చోట్ల ఉన్న చుక్కలు ఒకేచోట వచ్చి పడ్డాయి కాబట్టి ఏది ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి చెప్పే దారి లేదు. నిర్ధారకం సున్నా అయితే విలోమ మాత్రిక ఉండదని పుస్తకంలో చదివింది దీని గురించే. కాగితం వైశాల్యం ఎన్ని రెట్లయిందో నిర్ధారకం చెబుతుంది, గీతకు వైశాల్యం ఉండదు. ఈ నలగడాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో మనకే పని పడుతుంది.

మాత్రిక ఏం చేసినా కొన్ని విషయాలు చెక్కుచెదరవు. మూలబిందువు కదలదు. సరళరేఖ వంగదు. ఒక గీతకు నడిమధ్యన ఉన్న చుక్క, మారిన గీతకు కూడా నడిమధ్యనే ఉంటుంది. ఈ మూడోది కూడా గుర్తుంచుకోండి.

గుణకారం: ఒకదాని తరవాత ఒకటి

పక్కకు ఒరిగించే మాత్రికను S అందాం.

```
S =  1  1
     0  1
```

ముందు R తో తిప్పి, తరవాత S తో ఒరిగిద్దాం. రెండు బాణాలను వెంబడిస్తే చాలు. కుడిబాణం తిరిగి (0, 1) అయింది, అంటే అది ఇప్పుడు పాత పైబాణం ఉన్న చోటులో ఉంది. S ఆ చోటును (1, 1) కు పంపుతుంది. పైబాణం తిరిగి (-1, 0) అయింది. S అడ్డగీత మీది చుక్కలను కదపదు కాబట్టి అది అక్కడే ఉండిపోతుంది. రెండు పనులూ పూర్తయ్యాక బాణాలు (1, 1), (-1, 0) దగ్గర ఉన్నాయి. వాటినే నిలువువరుసలుగా రాస్తే లబ్ధం వచ్చేసింది.

```
S R =  1  -1
       1   0
```

మొదట పనిచేసిన R ఇందులో కుడివైపున ఉంది. వెక్టర్‌ను మాత్రికకు కుడిపక్కన రాస్తాం కాబట్టి దానికి దగ్గరగా ఉన్నదే ముందు పనిచేస్తుంది. అందుకే గుణకారాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి.

వరుస మార్చి చూడండి. ముందు ఒరిగించి తరవాత తిప్పితే, కుడిబాణం ఒరగకుండా ఉండి తిరిగి (0, 1) కు చేరుతుంది. పైబాణం ఒరిగి (1, 1) అయి, తిరిగి (-1, 1) కు చేరుతుంది. ఈ మాత్రిక వేరు. S R, R S సమానం కావన్న విషయాన్ని బట్టీ పట్టాల్సిన పని లేదు, బొమ్మలోనే కనిపిస్తోంది. ఒకే స్థానంలోని అంకెలను నేరుగా గుణిస్తే ఏం పోతుందన్న మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. అలా చేస్తే "ఇది చేసి, ఆపై అది చెయ్యి" అన్న అర్థం పోతుంది.

కొలతల నిబంధన కూడా ఇందులోనిదే. 128 అడ్డువరుసలు, 784 నిలువువరుసలు ఉన్న మాత్రిక 784 బాణాల్లో ఒక్కోటి 128 అంకెల లోకంలో ఎక్కడ వాలిందో చెబుతుంది. అది తీసుకునేది 784 అంకెలు, ఇచ్చేది 128. దాని తరవాత వచ్చే మాత్రిక 128 అంకెలను తీసుకునేది కావాలి, లేకపోతే రెండూ అతకవు.

అడ్డువరుస అడిగే ప్రశ్న

నిలువువరుసలు బాణాలు ఎక్కడ వాలాయో చెబితే, అడ్డువరుసలు ఇంకో సంగతి చెబుతాయి. ప్రతి అడ్డువరుసనూ ఒక దిక్కుగా చూడండి. ఆ వరుసను వెక్టర్‌తో జతచేసి కూడినప్పుడు వచ్చే డాట్ ప్రొడక్ట్, ఆ వెక్టర్ ఆ దిక్కుగా ఎంత ఉందో కొలుస్తుంది. ఉదాహరణకు (1, -1) అనే వరుసను తీసుకోండి. (1, 0) తో జతచేస్తే 1 వస్తుంది, అది ఈ దిక్కుకే మొగ్గింది. (0, 1) తో అయితే -1, అది ఎదురు దిక్కుకు ఉంది. (1, 1) తో అయితే 0, అది ఈ దిక్కుకు లంబంగా ఉంది.

న్యూరాన్ అని మనం పిలిచేది ఇలాంటి ఒక అడ్డువరుసనే. 128 న్యూరాన్ల పొర అంటే 128 దిక్కులు, ఒకే వెక్టర్‌ను అడిగే 128 ప్రశ్నలు. ఒక జాగ్రత్త అవసరం. డాట్ ప్రొడక్ట్‌లో దిక్కుతో పాటు పొడవు కూడా కలిసి ఉంటుంది. పొడవైన బాణం కాస్త పక్కకు ఉన్నా, సరిగ్గా ఆ దిక్కునే ఉన్న పొట్టి బాణం కంటే పెద్ద అంకె తేవచ్చు. దిక్కును మాత్రమే పోల్చాలంటే రెండింటి పొడవులతో భాగించాలి.

నాలుగు చుక్కల చిక్కు

ఇప్పుడు అసలు పరీక్ష. కాగితం మీద నాలుగు చుక్కలు పెట్టండి. (0, 1), (1, 0) చుక్కలకు జవాబు 1. (0, 0), (1, 1) చుక్కలకు జవాబు 0. రెండు అంకెలూ వేరైతే 1, ఒకటే అయితే 0 అన్నమాట. దీన్ని ఎక్సార్ అంటారు. ఒకే ఒక్క సరళరేఖతో ఒకట్లను ఒకవైపు, సున్నాలను మరోవైపు వేరుచేయగలరా?

చేయలేరు, దానికి కారణం చిన్నదే. (0, 1), (1, 0) చుక్కల మధ్యబిందువు (0.5, 0.5). (0, 0), (1, 1) చుక్కల మధ్యబిందువు కూడా అదే. రెండు ఒకట్లూ గీతకు ఒకవైపు ఉంటే వాటి మధ్యబిందువు కూడా ఆ వైపే ఉండాలి. రెండు సున్నాలూ రెండోవైపు ఉంటే వాటి మధ్యబిందువు ఆ రెండోవైపే ఉండాలి. ఒకే చుక్క గీతకు రెండువైపులా ఉండడం కుదరదు.

ఫ్రాంక్ రోసెన్‌బ్లాట్ 1958లో ప్రతిపాదించిన పర్సెప్ట్రాన్ ఇలాంటి గీతతోనే వేరుచేస్తుంది. ఒకే పొర ఉన్న పర్సెప్ట్రాన్ ఏమేం చేయలేదో మార్విన్ మిన్‌స్కీ, సీమర్ పాపర్ట్ 1969లో తమ పుస్తకంలో గణితపరంగా చూపించారు. ఆ పరిమితికి అతి చిన్న ఉదాహరణ మన నాలుగు చుక్కలే.

పొరలు పెంచితే సరిపోతుందా? ముందు ఒక మాత్రికతో చుక్కలను కదిలించి, తరవాత గీత గీస్తే? మధ్యబిందువు నియమాన్ని గుర్తు తెచ్చుకోండి. మాత్రిక దాన్ని చెక్కుచెదరనివ్వదు. కదిలిన తరవాత కూడా రెండు జంటల మధ్యబిందువులూ ఒకేచోట ఉంటాయి, చిక్కు అలాగే మిగులుతుంది. బయాస్ కలిపి కాగితాన్ని పక్కకు జరిపినా ఇదే సంగతి. వంద మాత్రికలను ఒకదాని తరవాత ఒకటి పెట్టినా వాటి లబ్ధం ఒక్క మాత్రికే కదా. వంద పొరల నెట్‌వర్క్ ఒక్క పొరతో సమానమైపోతుంది.

కాబట్టి ఎక్కడో ఒకచోట కాగితం వంగాలి. ఆ పని చేసేది రెలు. అది రుణాత్మక అంకెలన్నిటినీ సున్నా చేసి, మిగతావాటిని ఉన్నవి ఉన్నట్టుగా వదిలేస్తుంది. దానికి ముందు ఈ మాత్రికను పెడదాం.

```
W =  1  -1
    -1   1
```

నిలువువరుసలు (1, -1), (-1, 1). రెండూ ఒకే గీత మీద ఉన్నాయి, అంటే ఇది కాగితాన్ని నలిపేసే మాత్రిక. ఇక్కడ మనకు కావలసింది ఆ నలగడమే. (1, 1) కు వెళ్లాలంటే రెండు బాణాలనూ ఒక్కోసారి వెయ్యాలి, అవి ఒకదాన్నొకటి రద్దుచేసుకుని (0, 0) వస్తుంది. మూలబిందువు ఎలాగూ కదలదు. సున్నా జవాబున్న రెండు చుక్కలూ ఒకేచోట చేరాయి. వాటిని విడిగా గుర్తుపట్టాల్సిన అవసరం మనకు లేదు కాబట్టి అవి కలిసిపోవడం నష్టం కాదు, లాభం.

ఒకట్లు మాత్రం గీతకు రెండు కొసల్లో ఉన్నాయి, (1, 0) వెళ్లి (1, -1) దగ్గర, (0, 1) వెళ్లి (-1, 1) దగ్గర. సున్నాలు వాటి మధ్యలో ఇరుక్కున్నాయి. ఇప్పుడు రెలును వేయండి. (1, -1) లోని రుణాంకె సున్నా అయి (1, 0) అవుతుంది. (-1, 1) మారి (0, 1) అవుతుంది. సూటిగా ఉన్న గీత మూలబిందువు దగ్గర విరిగి లంబకోణంలా నిలబడింది. ఒకట్ల మధ్యబిందువు (0.5, 0.5) కు జరిగింది, సున్నాలు (0, 0) దగ్గరే ఉన్నాయి. ఇక ఆ రెండింటి నడుమ ఒక సరళరేఖ గీయడం తేలిక. రెండు అంకెలనూ కూడితే చాలు, ఒకట్లకు 1, సున్నాలకు 0 వస్తుంది.

```python
import numpy as np
X = np.array([[0,0],[0,1],[1,0],[1,1]])
W = np.array([[1,-1],[-1,1]])
H = np.maximum(X @ W.T, 0)
print(H)
print(H @ np.array([1,1]))   # [0 1 1 0]
```

తప్పు దొర్లేదెక్కడ?

పై కోడ్‌లో `W` బదులు `W.T` ఎందుకొచ్చిందో తెలుసుకోవడం ముఖ్యం. మనం వెక్టర్‌ను నిలువుగా, మాత్రికకు కుడిపక్కన రాసుకున్నాం. ప్రోగ్రామ్‌లో మాత్రం డేటా ఒక్కో ఉదాహరణకు ఒక్కో అడ్డువరుసగా వస్తుంది, మాత్రికకు ఎడమపక్కన ఉంటుంది. అందుకే మాత్రికను పక్కకు పొర్లించాలి. పైటార్చ్‌లోని `nn.Linear` కూడా లోపల ఇదే చేస్తుంది.

పొర్లించడం మరిచిపోతే కొలతలు కుదరక సాధారణంగా ఎర్రర్ వస్తుంది. అడ్డువరుసలు, నిలువువరుసలు సమానంగా ఉన్న మాత్రికైతే ఎర్రర్ రాదు, తప్పు జవాబు వస్తుంది. మన W ను పొర్లించినా అదే W వస్తుంది కాబట్టి దానితో ఈ తప్పు బయటపడదు. R తో పరీక్షించండి.

```python
R = np.array([[0,-1],[1,0]])
v = np.array([3,2])
print(R @ v)   # [-2  3]
print(v @ R)   # [ 2 -3]
print(R * v)   # [[ 0 -2] [ 3  0]]
```

మొదటిది మనం చేత్తో గీసిన జవాబు. రెండోదాన్ని గ్రాఫ్ మీద పెడితే బాణం ఎడమకు బదులు కుడివైపుకు తిరిగింది, మాత్రిక తలకిందులైందని వెంటనే తెలుస్తుంది. మూడోది నక్షత్రం గుర్తు చేసే పని. వెక్టర్ రావాల్సిన చోట రెండు వరుసల పట్టిక వచ్చింది. బాణాలను సాగదీసి, కూడకుండా వదిలేస్తే మిగిలేది ఇదే. వీటిలో దేనికీ కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు, కాబట్టి జవాబు ముందే తెలిసిన ఒక బాణాన్ని పంపి చూడడం మేలు.

ఇంకో చిక్కు శిక్షణలో ఎదురవుతుంది. W లోని అంకెలను ఇక్కడ మనమే ఎంచుకున్నాం. నెట్‌వర్క్ మాత్రం యాదృచ్ఛిక అంకెలతో మొదలై, తప్పు తగ్గే దిశగా వాటిని కొంచెం కొంచెంగా సవరించుకుంటుంది. బయాస్ లేని న్యూరాన్ ఒకటి (-1, -1) అనే అడ్డువరుసతో మొదలైందనుకోండి. నాలుగు చుక్కలతో జతచేస్తే 0, -1, -1, -2 వస్తాయి. రెలు తరవాత అన్నీ సున్నాలే. సున్నా నుంచి సవరణ సమాచారం వెనక్కి రాదు, కాబట్టి ఆ న్యూరాన్ ఇక ఎప్పటికీ మారదు. మిగిలిన ఒక్క న్యూరాన్‌తో ఎక్సార్ సాధ్యం కాదు. రెండు అంకెలూ రుణాత్మకంగా పడడం అరుదేమీ కాదు, ధన, రుణ సంఖ్యలకు సమాన అవకాశం ఉంటే నాలుగింట ఒకసారి అలా పడుతుంది. అందుకే ఇంత చిన్న సమస్య మీద కూడా శిక్షణ కొన్నిసార్లు మొండికేస్తుంది.

అలాంటప్పుడు తప్పు విలువ తగ్గడం లేదని ఆ ఒక్క అంకెనే చూస్తూ కూర్చోవద్దు. H ను ప్రింట్ చేసి నాలుగు చుక్కలూ ఎక్కడ వాలాయో గ్రాఫ్ మీద పెట్టండి. ఒక నిలువువరుస మొత్తం సున్నాలైతే ఆ న్యూరాన్ పనిచేయడం లేదు. అప్పుడు వేరే యాదృచ్ఛిక అంకెలతో మళ్లీ మొదలుపెట్టాలి, లేదా న్యూరాన్ల సంఖ్య పెంచాలి. ఒకట్లు, సున్నాలు ఒకేచోట కలిసిపోయి ఉంటే కలపకూడనివాటిని మాత్రిక నలిపేసింది. చుక్కలు విడిపోయి ఉండీ జవాబు తప్పుగా వస్తుంటే లోపం చివరి గీతలో ఉంది. ఈ మూడింటికీ మందులు వేర్వేరు, ఏది కావాలో చెప్పేది ఆ నాలుగు చుక్కలే.